పావుసేరు మీది సాలులు

కిలోలు వచ్చాక మెదక్ బజారులోని సేరు, ఛటాకు తూనికరాళ్లు ఒక్కొక్కటిగా మా దుకాణానికి చేరాయి. మా ఆయన పాత ఇత్తడి కొనేవాడు. సేర్లతో తూచి అమ్మకూడదన్నారు గనుక, కిరాణావాళ్లు వాటిని పగిలిన బిందెల ధరకే ఇచ్చిపోయేవాళ్లు. నేను నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నదాన్ని. రాళ్ల మీది ఉర్దూ అక్షరాలు, అంకెలు చదివే పని నాకు పడింది.

వాటిని ఎలా చూడాలో నేర్పింది హైదరాబాదు నుంచి వచ్చే ఒక డాక్టరుగారు. ఉద్యోగం మానేశాక పాత తూనికరాళ్లు పోగుచేయడమే ఆయన లోకం. పైన ఉండేది బరువు. పక్కన చిన్నచిన్నగా ఉండేవి తనిఖీ ముద్రలు. ఏటేటా రాయిని సరిచూసినప్పుడల్లా ఆ సాలు, అంటే ఆ ఫసలీ సంవత్సరం, అంకె ఒకటి కొట్టేవారట. అడుగున గుంటలో సీసం ఉంటుంది. రాయి అరిగి తేలికైతే అక్కడ సీసం పోసి బరువు సరిచేసి, దానిమీద ముద్ర వేస్తారు. ఎవరైనా సీసం గీకితే ముద్ర చెడి మోసం బయటపడుతుంది. ఆయనకు కావలసింది ఒక అంగడి రాళ్లన్నీ కలిసి ఉన్న సెట్టు. ముద్రలు అరగకూడదు, ఏళ్లుగా పట్టిన నలుపు పోకూడదు.

ఒకరోజు ఆయన మా దుకాణంలో ఉండగానే, మా గల్లీలో అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ముసలామె తక్కెడ, రాళ్లు గుడ్డలో మూటగట్టుకుని వచ్చింది. పప్పుల వ్యాపారం చేసే ఆమె భర్త ఏడాది కింద పోయాడు.

“వానలు వడకముందే ఇల్లు కప్పియ్యాలె బిడ్డా. జర మంచిగ చూడుండ్రి,” అంది.

మూట విప్పేసరికి రాళ్లు ధగధగలాడాయి. రాత్రంతా చింతపండుతో తోమిందట. డాక్టరుగారి మొహం చిన్నబోయింది. ఆయన కోరుకునే నలుపంతా పోయింది. తక్కెడను పైకెత్తి, ఖాళీ తట్టలతో ముల్లు నిలుస్తుందా అని చూశారు. ఒక తట్టలో సేరు రాయి, రెండోదాంట్లో దానికి సరిపడా శనగలు పోయించి, తరువాత రెండింటినీ తారుమారు చేశారు. ముల్లు కదలలేదు. “తక్కెడ దండె సరిగ్గా ఉంది,” అన్నారు సంతోషంగా.

అప్పుడు మూట అడుగున నల్లగా ఉన్న పావుసేరు కనిపించింది. ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పారు. చుట్టూ అంకెల వరుస, ఒక్కటీ అరగలేదు.

“ఇది తోమలేదేం అమ్మా?”

“గది మా అబ్బాది సాబ్, మా నాయినది. అల్లాదుర్గ్‌ల దుకాణం ఉండె. మా ఆయన పావుసేరు బాయిల వడితే, ఇది మీరుంచుకోండ్రి అని అబ్బా ఇచ్చిండు. రుద్దితే ముద్ర పోతదని అబ్బా చెప్తుండె. గందుకే ముట్టలే.”

డాక్టరుగారు రాయిని నా చేతికిచ్చారు. నేను మొదటి అంకె చదివాను.

ఖాలా తలెత్తింది. “గా సాలు మా తమ్ముడు పుట్టిండు! గిది ముద్ర కొట్టించుకొచ్చిననాడే. అబ్బా మిఠాయి తెచ్చిండు.”

తరువాతిది చదివాను. ఆ యేడు చెరువు నిండి బజారులోకి నీళ్లొచ్చాయట. ఇంకోటి చదివాను. ఆమె పెళ్లికి ముందటి యేడు. ఆమె నా పక్కనే బల్ల మీద కూర్చుండిపోయింది. ఒకచోట నేను ఆగాను. వరుసలో ఒక సాలు లేదు.

“నడుమ ఒకటి లేదు ఖాలా.”

ఏ సాలో ఆమె అడిగి తెలుసుకుంది. “గా సాలు అమ్మీ పోయింది. అబ్బా దుకాణమే తెరవలే. ఇంక ముద్ర ఎవలు కొట్టిస్తరు?”

పక్కన పాత ఇత్తడి తూస్తున్న మా ఆయన పని ఆపి, కళ్లు కనబడకుండా గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఈ ఒక్కదానికే మిగతా అన్నిటికంటే ఎక్కువ ఇస్తాను,” అన్నారు డాక్టరుగారు నెమ్మదిగా. “ఇలాంటిది నాకు ఇంతవరకూ దొరకలేదు.”

ఖాలా రాయిని నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. “మాఫ్ చెయ్యుండ్రి సాబ్. అమ్మనీకే తెచ్చిన. గిది ఇంతమందిని పట్టుకొని ఉన్నదని నాకు తెల్వదు.”

ఆయన రెండోసారి అడగలేదు. సన్నటి కాగితం దానిమీద పరిచి పెన్సిలుతో మెత్తగా రుద్దారు. అంకెలన్నీ కాగితం మీదికి తేలాయి. “నాకు ఇది చాలమ్మా,” అన్నారు. తక్కెడనూ, పావుసేరు లేని ఆ సెట్టునూ ఆయనే కొన్నారు. మెరుపు గురించి ఒక్క మాట అనకుండా మంచి ధరే ఇచ్చారు.

వానలకు ముందే ఖాలా ఇల్లు కప్పించుకుంది. ఆ తరువాత నేను వాళ్లింటికి పోతే, పావుసేరు పాలగిన్నె మూత మీద ఉండేది, పిల్లి తోసెయ్యకుండా. నేను కూర్చోగానే దాన్ని తీసి నా చేతిలో పెట్టేది.

“చదువు బిడ్డా.”

నేను చదివేదాన్ని. ఆమె ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి చెప్పేది. లోపల పిల్లి పాలగిన్నె మూత కింద పడేసిన చప్పుడైనా మేమిద్దరం లేచేవాళ్లం కాదు.