చదవని చీటీ

నేను ఎక్కువ చదువుకోలేదు. ఇంటర్ అయ్యాక ఆగిపోయింది. ఇప్పుడు ఫిల్మ్ నగర్ బస్తీలో ఒక చిన్న బడిలో టీచర్లకు సాయంగా ఉంటున్నాను. నోరు మాత్రం చిన్నప్పటి నుంచీ పెద్దదే. తొమ్మిదో తరగతిలో అదే నా అర్హత. గబగబా, గట్టిగా చదివేదాన్ని కాబట్టి మా సోషల్ టీచర్ నన్ను ‘చదివిపెట్టే పిల్ల’గా పెట్టుకుంది.

మాది సర్కారు బడి. మా సెక్షన్‌లో అరవై ఇద్దరం. పేజీ మొత్తం చూడకుండా చెప్పేవాళ్ళు కొందరు, పేరు రాయడానికే చెమటలు పట్టేవాళ్ళు కొందరు. ప్రాజెక్టు వచ్చిందంటే మామూలుగా ఏం జరిగేది? ముందు బెంచీలకు మంచి అంశాలు, వెనక బెంచీలకు మిగిలినవి. వాళ్ళు మా కాపీలు చూసి అక్షరం పొల్లు పోకుండా దించేవాళ్ళు. టీచర్‌కు అది నచ్చలేదు. ఆమెది గుంటూరు వైపు, ‘ఏంటమ్మా’, ‘అలాగేనండీ’ అంటూ మాట్లాడేది.

ఆ ఏడు ఆమె అరవై రెండు చీటీలు రాసింది. అన్నీ మన చుట్టూ ఉండే పనులే. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్, జూబ్లీహిల్స్ బంగళాల తోటమాలి, షేక్‌పేటలో దర్జీ, షూటింగుల్లో లైట్లు పట్టేవాళ్ళు, ఇరానీ చాయ్ కాసేవాళ్ళు. ఏ పనైనా మూడే ప్రశ్నలు. ఆ పని చూసి బొమ్మ వెయ్యాలి లేదా నమూనా చెయ్యాలి. ఆ పని చేసేవాళ్ళతో మాట్లాడి తెలుసుకోవాలి. ఆ పనిలో ఒక్క మెళకువ ఎంచుకుని అలా ఎందుకు చేస్తారో చెప్పాలి. రాయలేనివాళ్ళు నోటితో చెప్పవచ్చు, మార్కులు ఒకటే. “అందరికీ ఒకే పని ఇవ్వడం సమానం కాదు, అందరికీ ఒకే కొలత పెట్టడం సమానం” అనేది.

పంచడం ఇలా. ముందు చీటీలన్నీ అందరికీ తెలియాలి. చదవగలిగేవాళ్ళు చదువుకుంటారు. చదవలేనివాళ్ళను గుంపులుగా కూర్చోబెట్టి మాలాంటి వాళ్ళం చదివి వినిపిస్తాం. తర్వాత ఒక్కొక్కళ్ళూ తమకు కావలసిన మూడు పనులు వరసగా కాగితం మీద రాసి ఇస్తారు. రాయలేకపోతే మేమే రాసిపెడతాం. అప్పుడు టీచర్ డబ్బాలోంచి రోల్ నంబర్లు తీస్తుంది. వచ్చిన నంబరు వాళ్ళకు మొదటి కోరిక ఖాళీగా ఉంటే అదే, లేకపోతే రెండోది, లేకపోతే మూడోది. మూడూ పోతే మిగిలినవాటిలో ఒకటి. ఎవరికి ఎన్నో కోరిక దక్కిందో నోట్‌బుక్‌లో రాసుకుని, తక్కువ దక్కినవాళ్ళను వచ్చేసారి ముందు పిలుస్తుంది. మార్చుకోవాలంటే రెండు రోజులు గడువు, ఇద్దరూ కలిసి వచ్చి ఇష్టమేనని చెప్పాలి.

నా గుంపులో పదిమంది. అందులో ఒక అమ్మాయి ఆ ఏడే మా బడిలో చేరింది. వాళ్ళ నాయన సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ఆయన జ్వరంతో పోయాక ఈమెను పల్లెలో అమ్మమ్మ దగ్గరకు పంపారు. రెండేళ్ళు బడి లేదు. తిరిగొచ్చేసరికి అక్షరం అక్షరం కూడబలుక్కోవడమే మిగిలింది. నా పక్కనే కూర్చునేది. తక్కువ మాట్లాడేది, నేను ఇద్దరి వంతూ మాట్లాడేదాన్ని.

చీటీల కట్టలో ‘సినిమా సెట్టు వడ్రంగి’ కనిపించగానే నాకు ఆశ పుట్టింది. మా మామ యూనిట్ వ్యాన్ నడుపుతాడు, నన్ను సెట్ లోపలికి తీసుకెళ్తాడు, క్లాసంతా నన్ను చూస్తుంది. దానికి బొమ్మ చాలదు, నమూనా చెయ్యాలని చాలామంది దాని జోలికి పోరు. నా గుంపులో దాన్ని కోరేది ఒక్కతే. ఒక్కరు తగ్గితే నాకు మేలే కదా అనుకున్నాను. బొటనవేలితో రెండు చీటీలు కలిపి తిప్పి, దాన్ని చదవకుండా దాటేశాను.

అన్నీ అయ్యాక ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. “మా నాయన చేస్తుండె కదా, ఆ పని లేదా?”

“లేదే,” అన్నాను.

“సూడు జర.”

“చూసిన. లేదంటున్న కదా. వేరేది చెప్పు, టైమైతుంది.”

“అయితే ఏదో ఒకటి రాయి.”

ఆమె కాగితంలో ట్యాంకర్ డ్రైవర్ అని నేనే మొదట రాశాను. నా కాగితంలో మొదట సెట్టు వడ్రంగి.

టీచర్ డబ్బాలో చెయ్యి పెట్టి మొదటి నంబరు తీసింది. అది ఆ అమ్మాయిదే. క్లాసంతా ఓ అని అరిచింది.

“మొదటి కోరికే దొరికిందమ్మా! ట్యాంకర్ డ్రైవర్,” అని టీచర్ నోట్‌బుక్‌లో రాసుకుంది.

తొమ్మిదోసారి తీసింది నా నంబరు.

“సినిమా సెట్టు వడ్రంగి,” అంది టీచర్.

నేను పక్కకు చూడలేదు. ఆ అమ్మాయి నావైపు తిరిగినట్టు తెలుస్తూనే ఉంది.

ఇంటర్వెల్‌లో మంచినీళ్ళ నల్లా దగ్గర నన్ను పట్టుకుంది.

“లేదన్నవ్ కదా?”

“నాకు కనబడలే.”

“నీ కాగితంల ఎట్ల రాసుకున్నవ్ మరి?”

నల్లా కట్టేసి మళ్ళీ విప్పాను.

“రెండు దినాలున్నయి కదా,” అంది. కోపంగా అనలేదు. అదే నన్ను ఇప్పటికీ వదలనిది. “మార్చుకుందమా? ట్యాంకర్‌ది అల్కగుంటది, కష్టముండది. డ్రైవర్ మా వాడకు వస్తడు, నిన్ను కలిపిస్త. నాకది కావాలె. ఆయన ఎట్ల జేస్తుండెనో నాకు కొంచమే యాదికుంది. ఎవరినన్న అడిగితే మొత్తం తెలుస్తది.”

“చూద్దాం,” అన్నాను.

మొదటి రోజు “మామను అడిగిన, రేపు చెప్తా” అన్నాను. రెండో రోజు పొద్దున “తలనొప్పి” అని తప్పించుకున్నాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి టీచర్ గది బయట నిలబడింది, నేను వస్తానని. నేను లైబ్రరీ బీరువా వెనక నిలబడి కిటికీలోంచి చూశాను. చివరి బెల్లు కొట్టారు. ఆమె కాసేపు అక్కడే ఉండి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు టీచర్ ఇద్దరినీ పిలిచింది. ఎవరైనా చెప్పారో, ఆమెకే అనిపించిందో తెలియదు.

“నువ్వు ఈ అమ్మాయికి చీటీలన్నీ చదివి వినిపించావా?”

“చదివిన టీచర్.”

టీచర్ ఆమె వైపు తిరిగింది. “నిజమేనా అమ్మా? చదవకపోతే చెప్పు. ఇప్పుడైనా మారుస్తాను.”

ఆ అమ్మాయి నేలవైపు చూసి, “చదివింది టీచర్. నేనే సరిగ వినలే,” అంది.

బయటకొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగాను.

“నిన్ను తీసేస్తే నాకెవరు చదువుతరు?” అంది.

మా మామ నన్ను ఒక సెట్‌కు తీసుకెళ్ళాడు. బయటి నుంచి పెద్ద బంగళా. వెనక్కి వెళ్తే అంతా కర్రలు, మేకులు, ప్లైవుడ్డు. నా కళ్ళు ముందువైపే ఉన్నాయి. రంగులు, కిటికీలు చూశాను. వడ్రంగి ఒకాయన ఏదో చెప్పబోతే “సరే సరే” అని ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. అట్టముక్కలతో బంగళా ముందుభాగం చేసి, కింద అట్టకు గమ్‌తో అంటించాను.

చూపించే రోజు క్లాసంతా నావైపే చూసింది. నేను కోరుకున్నది అదే. రెండు మాటలు చెప్పానో లేదో ఎవరో ఫ్యాన్ వేశారు. బంగళా ఊగి ముందుకు బోర్లా పడింది. అందరూ పక్కుమన్నారు.

“సెట్టుకు నిద్రొచ్చిందిరోయ్!” అని వెనకనుంచి ఒకడు.

మా బెంచీనుంచి ఆ అమ్మాయి లేచి వచ్చింది. మూలనున్న చీపురులోంచి నాలుగు పుల్లలు విరిచింది. బంగళాను లేపి, వెనకవైపు ఒక్కో పుల్లనూ ఏటవాలుగా ఆనించి, పుల్లల కొసలకు నా గమ్ రాసి, వేళ్ళతో అదిమి పట్టుకుంది.

“గోడ ఒక్కటే నిలబడది. ఎనకాల ఊత కర్ర ఏటవాలుగ పెట్టాలె. నిలువుగ పెడితే గాలికి అది గూడ పడ్తది. మా నాయన గిట్లనే పెడ్తుండె,” అంది. నాతో కాదు, అట్టతో మాట్లాడుతున్నట్టు అంది.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బంగళా నిలబడింది.

టీచర్ మార్కుల కాగితంలో నా పేరెదురుగా పెన్ను ఆపింది. మూడో ప్రశ్న, ‘ఎందుకు అలా చేస్తారు’ అన్నదానికి మార్కులు నాకు వెయ్యలేదు. ఊత గురించి చెప్పినందుకు ఆ అమ్మాయికి కూడా వెయ్యలేకపోయింది, ఆమె అంశం ట్యాంకర్ కదా. ఆమె ట్యాంకర్ గురించి నోటితో చెప్పింది, బాగానే చెప్పింది. ట్యాంకు నిండకపోతే లోపల నీళ్ళు ఊగి బండి మలుపులో పడుతుందని, అందుకే నిండుగా నింపుతారని, డ్రైవర్ దగ్గర తెలుసుకుంది. పూర్తి మార్కులు వచ్చాయి. నోట్‌బుక్‌లో మాత్రం ‘మొదటి కోరిక’ అనే ఉంది. ఆ లెక్క ప్రకారం వచ్చేసారి ఆమె చివరి వరసలో. కోరనిది దొరికినా కోరినట్టే రాసి ఉంది, అది రాయించింది నేను.

తర్వాతి ప్రాజెక్టుకు టీచర్ కొత్త నియమం పెట్టింది. చదివి వినిపించేవాళ్ళు ముందుగా తమ మూడు కోరికలు రాసి టీచర్‌కు ఇచ్చెయ్యాలి, ఆ తర్వాతే గుంపు దగ్గర కూర్చోవాలి. చదివేటప్పుడు చీటీలు లెక్కపెట్టి, అరవై రెండు అయ్యాయని గుంపులో ఒకరి చేత చెప్పించాలి. టీచర్ నావైపు చూడలేదు, ఒక్కసారి కూడా.

ఆ అమ్మాయి ఆ ప్రాజెక్టుకు లేదు. దసరా సెలవుల తర్వాత రాలేదు. మోతీనగర్ వైపు వెళ్ళిపోయారని ఎవరో అన్నారు. నేను ఆమెకు చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఒకసారి ఆ వైపు వెళ్ళి రెండు సందులు తిరిగి, ఎవరిని ఏమని అడగాలో తెలియక బస్సెక్కి వచ్చేశాను.

నాకంటూ ఏ కోరికా రాసుకునే పని ఇప్పుడు లేదు. మా బడిలో కూడా ఆ పద్ధతే పెట్టించాను, చదివేది నేనే. ప్రతి ఏడూ చీటీల కట్ట పట్టుకుని నేల మీద కూర్చుంటాను. చదవలేని పిల్లలు చుట్టూ చేరతారు. వాళ్ళకు కాగితంతో పనిలేదు, నా ముఖంలోకి చూస్తూ వింటారు. ప్రతి చీటీనీ రెండుసార్లు చదువుతాను. ఒక్కోసారి మధ్యలో ఆపి, కట్ట వెనక్కి తిప్పి చీటీలు మళ్ళీ లెక్కపెడతాను. “ఏమైంది టీచర్?” అంటారు. “ఏం లేదు, వినండి,” అని మళ్ళీ మొదలుపెడతాను. వాళ్ళు వింటారు. నేను చెప్పిందే ఉందనీ, నేను చెప్పనిది లేదనీ నమ్మి వింటారు.