అత్త కార్డు మీద రెండు లైన్లు

నా వ్యాసం కింద అచ్చయ్యే రెండు లైన్ల కోసం నేను పడ్డ పాట్లు, ఆ వ్యాసాలన్నీ రాయడానికి కూడా పడలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడ్చాను.

తొంభైల మొదట్లో మాట. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర, ముందు గదిలో మగ్గాల చప్పుడు, వెనక గదిలో తంబాకు వాసన ఉండే ఇల్లు మాది. మా ఆయన పవర్‌లూమ్ నడిపేవాడు. నేనూ మా అత్తా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. తెలుగు బడిలో ఏడు దాకా చదివిన పుణ్యాన హైదరాబాద్ వారపత్రిక ఒకదానికి మా వాడ ఆడవాళ్ల గురించి రాసి పంపితే వేశారు. మళ్లీ పంపితే మళ్లీ వేశారు. మూడోసారి సంపాదకుడి నుంచి కార్డు ముక్క వచ్చింది. ఇక నెలనెలా నా శీర్షిక ఉంటుందట, వ్యాసం కింద వేయడానికి నా గురించి రెండు లైన్లు పంపాలట.

నేను ఒక పూటంతా కూర్చుని రాశాను. సాహిత్యాభిలాషి, సామాజిక పరిశీలకురాలు, స్త్రీ జనాభ్యుదయాన్ని కాంక్షించే కలం. చదువుకుని నాకు నేనే మురిసిపోయాను. బీడీల మాట మాత్రం ఎత్తలేదు, సిగ్గేసింది. వారం తిరక్కుండా ఆ కాగితం ఎర్ర సిరాతో కొట్టేసి తిరిగొచ్చింది. కింద సంపాదకుడి చేతిరాత: “పొగడ్తలు వద్దు. మొదటి లైనులో మీరు దేని గురించి రాస్తారో చెప్పండి. రెండో లైనులో, ఆ సంగతి మీరు చెబితే పాఠకుడు ఎందుకు నమ్మాలో చెప్పండి. అంతే.”

ఎందుకు నమ్మాలి? చేతులకేసి చూసుకున్నాను. గోళ్లలో తంబాకు. ఇంకేం కావాలి? “రచయిత్రి సోలాపూర్ బీడీ కార్మికుల ఇళ్ల గురించి రాస్తారు. పన్నెండేళ్లుగా స్వయంగా బీడీలు చుడుతున్నారు” అని రాసి పంపాను. మరుసటి నెల చిన్న అక్షరాల్లో అచ్చయింది. అశోక్ చౌక్‌లో పత్రిక కొనుక్కొచ్చిన మా ఆయన వ్యాసం వదిలేసి ముందు ఆ రెండు లైన్లే చదివాడు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. మంచి బీడీలను కూడా కార్ఖానాలో సరుకు పరీక్షించే చెకర్ ఎలా ఏరి పారేస్తాడో ఒక వ్యాసంలో రాశాను. ఎక్కడా ఎవరి పేరూ పెట్టలేదు. అయినా మా కార్ఖానా మేనేజరు పత్రికకు ఉత్తరం రాశాడు. ఈ పేరుగల మనిషి మా రిజిస్టరులో లేదు, ఈమె కార్మికురాలే కాదు, ఈమె మాటలు అబద్ధం అని.

అతను చెప్పిందీ నిజమే. నా పేరు రిజిస్టరులో లేదు. మా వాడలో కోడళ్లందరిదీ అదే కథ. చుట్టేది కోడలు, కార్ఖానా ఇచ్చిన కార్మికురాలి కార్డు అత్తది. ఆకు తెచ్చేదీ, కట్టలు అప్పగించేదీ అత్త కార్డు మీదే. చెకర్‌కు తెలుసు, మేనేజరుకు తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. ఇన్నేళ్లలో ఆ సంగతే నేను మరిచిపోయి రెండో లైను రాసుకున్నాను.

సంపాదకుడి ఉత్తరం మర్యాదగానే ఉంది. మీ పేరున్న కార్డు నకలు పంపండి, లేదా ఆ లైను తీసేస్తూ సవరణ వేయాల్సి ఉంటుంది, ఆ లైను లేకపోతే మేనేజరు మాట కాదని మీ మాట నమ్మమని పాఠకులకు ఎలా చెప్పను, శీర్షిక ఆపక తప్పదు అన్నాడు.

ఉన్నదున్నట్టు రాస్తే అత్త కార్డుకే ఎసరు. ఒకరి కార్డు మీద ఇంకొకరు చుడుతున్నారని అచ్చులో పడితే దాన్ని రద్దు చేయడానికి వాళ్లకు సాకు దొరికినట్టే. ఆమె ముసలితనానికి ఉన్న ఆధారం అదొక్కటే. అందుకని లైను తీసేయమని జవాబు రాసి మడిచి చాట కింద పెట్టాను. కళ్లనీళ్లు ఆకుల మీద పడ్డాయి.

“ఏందే, ఆకు నానబెట్టుడు అయిపాయె గద, మల్ల తడుపుతున్నవ్?” అంది మా అత్త.

ఆమె నోటికి వాడంతా జంకేది. దాచలేక అంతా చెప్పాను. కత్తెర ఆపకుండానే విన్నది.

“నువ్వు చుట్టుడు ఖరేనా, ఖోటానా?”

“ఖరేనే అత్తమ్మా, నిజమే.”

“కార్డు నాదుండుడు?”

“అదీ ఖరేనే.”

“మరి రెండు ఖరే మాటలు ఒక్క లైన్ల పట్టయా? రాయి. గా మేనేజరు నా కార్డు గుంజుకుంటే నేను పోయి ఆయన టేబుల్ మీద కూసుంట.”

అప్పటిదాకా ఆమెను గయ్యాళి అనే అనుకున్నాను. పాత జవాబు చింపేసి కొత్తది రాశాను.

“రచయిత్రి సోలాపూర్ బీడీ కార్మికుల ఇళ్ల గురించి రాస్తారు. పన్నెండేళ్లుగా అత్తగారి కార్డు మీద బీడీలు చుడుతున్నారు.” సవరణతో పాటు ఇదీ అచ్చయింది. పత్రిక వాడంతా చేతులు మారింది.

ఆ వారం కట్టలు ఇవ్వడానికి అత్త వెంట నేనూ వెళ్లాను. చెకర్ మా కట్టలు ముట్టుకోకుండా, “ఎవరు చుట్టిన్రు?” అన్నాడు. ఏ రోజూ అడగని ప్రశ్న.

“నా కోడలు” అంది అత్త. అతను కార్డు పక్కన పెట్టాడు.

వరుసలో వెనకున్నామె ముందుకొచ్చి తన కార్డు దాని మీద పెట్టింది. “నావి గూడ నా కోడలే చుట్టింది. రాస్కో భావూ.” ఆ వెనకామె, ఆమె వెనకామె. ఎవరూ కేకలు వేయలేదు. కార్డులన్నీ బల్ల మీద పేరుకున్నాయి. అన్నీ రద్దు చేస్తే చుట్టేవాళ్లే ఉండరు. చెకర్ లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. కార్డులు తిరిగిచ్చి, మా కట్టలు తీసుకుని, ఆకు తూచి ఇచ్చాడు.

ఆ ఏడాది తిరిగేలోపు కొందరు కోడళ్లకు సొంత కార్డులు వచ్చాయి. నాకూ వచ్చింది. సంతోషంగా ఇంటికొచ్చి, ఇక రెండో లైను మార్చాలి అన్నాను. మా అత్త ముఖం మాడ్చుకుంది.

“అంటే నన్ను తీసేస్తవా?”

చదువు రాని మనిషి. అయినా పత్రిక వచ్చినప్పుడల్లా వ్యాసం పక్కన పెట్టి, ఆ చిన్నక్షరాల మీద వేలు పెట్టి నాచేత చదివించుకునేది. ఆమెను ఎలా తీయను? పాత లైను ఉంచితే అబద్ధం. రెండూ రాస్తే పొడుగు. ఆ మాటే సంపాదకుడికి రాసి, ఏది ఉంచుతారో మీ ఇష్టం అన్నాను.

తర్వాతి సంచిక రాగానే మా అత్త ఎప్పటిలాగే అడుగున వేలు పెట్టింది. వేలు ఒకసారి జరిపింది, రెండోసారి జరిపింది, ఆగింది. చదవడం రాకపోయినా, ఇరవై అయిదేసి బీడీలు చూడకుండా లెక్కపెట్టి కట్ట కట్టే చేయి అది.

“ఏందే, మూడు లైన్లున్నయ్?”

“మూడోది నీది అత్తమ్మా” అన్నాను.