దారం రాయని బొంతలు

బోధన్‌లో మా బొంతల కేంద్రం ఒకే గది. చెరకు బండ్లు వెళ్లే రోడ్డు పక్కనే ఉండేది. సీజన్‌లో కిటికీ తెరిస్తే, కత్తిరించిన పాత చీరల వాసనలో చెరకు తీపి వాసన కలిసేది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను గానీ, ఆ వాసన గుర్తుకొస్తే ఆ బడ్జెట్ కాగితం కూడా గుర్తుకొస్తుంది.

కేంద్రం లెక్కలు నేనే చూసేదాన్ని; ఎక్కడా చదువుకోలేదు, చేస్తూ నేర్చుకున్నాను. కేంద్రంలో పన్నెండు మంది ఆడవాళ్లు, అందరూ ఒకప్పుడు బీడీలు చుట్టినవాళ్లే. పసిపిల్లల బొంతలు ఇంటికి తీసుకెళ్లి చేత్తో కుట్టి తెచ్చేవారు. మాకు సాయం చేసే ట్రస్టు ఆ ఏడు ఒక షరతు పెట్టింది: నెలకు ఎన్ని బొంతలు అమ్మితే ఖర్చంతా వచ్చేస్తుందో చూపించాలి, అన్ని అమ్మగలమనీ చూపించాలి. లేకపోతే కేంద్రం మూతే.

అందరికీ అర్థమయ్యేలా ఖర్చును రెండు కుప్పలు చేశాను. గదికి తాళం వేసి అందరం ఊరెళ్లినా కట్టాల్సింది ఒకటి: అద్దె నాలుగున్నర వేలు, బట్ట కత్తిరించే అవ్వ జీతం ఎనిమిదిన్నర వేలు, కరెంటు, మిషన్ల అరుగుదల కలిపి రెండు వేలు. మొత్తం పదిహేను వేలు. బొంత కుడితేనే పడే ఖర్చు రెండోది: బట్ట మూడు వందల పది, కుట్టుకూలి రెండు వందల యాభై, ప్యాకింగు, రవాణా నలభై. బొంతకు ఆరు వందలు. ధర ఎనిమిది వందల యాభై. ప్రతి బొంత మొదటి కుప్పలోకి రెండు వందల యాభై తెస్తుంది కాబట్టి అరవై అమ్మితే చాలు. మేం అరవై రెండు అమ్ముతున్నాం. చాలా సంబరపడ్డాను.

కాగితం పంపే ముందు బిల్లులతో సరిచూస్తుంటే దారం డబ్బా కనబడింది. కేంద్రం మొదలైనప్పుడు కొన్నది, ఇంకా సగం నిండుగానే ఉంది.

"అవ్వా, ఇన్ని బొంతలు దేంతోని కుట్టిండ్రు?" అన్నాను.

అవ్వ కత్తెర ఆపలేదు. "ఎవలింట్ల దారం ఆళ్లదే. బీడీలకు గూడ దారం మేమే కొంటిమి. ఆకు తక్కువైతే ఆకు గూడ మేమే కొంటిమి. గదేం కొత్తనా?"

పన్నెండు మందిలో ఒకరైన, మిషన్ మీద అంచులు కుట్టే ఆపా నవ్వింది. "సూదులు గూడ అడుగు అక్కా. మా ఆయన జేబు ఖాళీ అయితుంటే సూదులకే అనుకుంటుండు, చాయ్‌లకని తెల్వది!"

లెక్కేశాను. కిరాణా కొట్లో ఒక్కొక్క రీలు కొంటే సూదితో సహా బొంతకు యాభై. అంటే బొంత తెచ్చేది రెండు వందలే. డెబ్బై ఐదు అమ్మాలి. మా లెక్క నిలబడింది ఆ పన్నెండు మంది చేతి డబ్బు మీద.

"రాయకు," అంది అవ్వ. "రాస్తే బంద్ జేస్తరు. గట్లయితే నా జీతంల కెల్లి తియ్యి. మూడు వేలు తీస్తే సరిపోతదా?"

సరిగ్గా సరిపోతుంది. పన్నెండు వేలను రెండు వందలతో భాగిస్తే అరవై. ఆమె అడగక ముందే ఆ లెక్క నా పెన్సిల్ కింద ఉంది. దాన్ని కొట్టేశాను.

"ధర పెంచుదాం," అన్నాను.

"కొంటరా మరి?" అంది ఆపా.

నెలకు నలభై తీసుకునే హైదరాబాద్ దుకాణం ఆవిడకు అప్పుడే ఫోన్ చేసి తొమ్మిది వందలు చెప్పాను. ఆవిడ "ఆ ధరకు ముప్పై ఐదే తీసుకుంటానండీ" అంది. మిగతా ఇరవై రెండూ ఊళ్లో విడిగా పోయేవి, యాభై పెరిగినా తగ్గవు. మొత్తం యాభై ఏడు. కొత్త ధరకు బొంత మళ్లీ రెండు వందల యాభై తెస్తుంది కాబట్టి కావాల్సింది అరవై. మూడు తక్కువ.

ఆపా మిషన్ మీది రీలు తీసి చూపించింది. "నిజామాబాద్‌ల హోల్‌సేల్‌ల కొంటే దారం గింత పిరం ఉండదక్కా. పన్నెండు మందిమి పన్నెండు దుకాణాలల్ల కొంటున్నం."

మర్నాడే పొద్దున బస్సుకు ఆమే వెళ్లి పెద్ద దారం కోన్లు, సూదుల ప్యాకెట్లు తెచ్చింది. బొంతకు ముప్పై ఆరు పడింది. తొమ్మిది వందల్లో ఆరు వందల ముప్పై ఆరు పోతే రెండు వందల అరవై నాలుగు. యాభై ఏడు బొంతలకు పదిహేను వేల నలభై ఎనిమిది. నాలుగుసార్లు గుణించాను. అవ్వ జీతం ఎనిమిదిన్నర వేలుగానే రాసి కాగితం పంపాను. ట్రస్టు ఒప్పుకుంది.

ఆ నెల బట్టతో పాటు దారం తూచి ఇచ్చాం. తీసుకునేటప్పుడు ఒక్కొక్కరూ "గిది గూడ మీరే ఇస్తరా?" అని అడిగారు. అవ్వ ప్రతిసారీ కాస్త గట్టిగానే, "మనదే, రాసినం" అని చెప్పింది.