ఒక్కో పేజీకి రెండు వరుసలు

తొంభైల చివర్లో యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. ఉద్యోగం ప్రాజెక్ట్ అసిస్టెంటుది, దర్జా మాత్రం వైస్ ఛాన్సలర్‌ది. ఎనిమిది కంప్యూటర్లు, అన్నింటికీ కలిపి ఒకే సన్నటి ఇంటర్నెట్ లైను. తార్నాకలో మా ఇంటి నుంచి నడిచి వచ్చి తొమ్మిదికల్లా తాళం తీసేదాన్ని. లోపలికి వచ్చేవాళ్లు చెప్పులు బయట విప్పాలి, గుమ్మం పక్కన బల్ల మీదున్న రిజిస్టర్‌లో రాయాలి. ఎవరు, ఏ కంప్యూటర్ మీద, ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు, అన్నీ. రాయనివాళ్ల మీద నోరు చేసుకునేదాన్ని.

ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచీ నెట్ నత్తనడక నడిచింది. పేజీ ఒకటి తెరుచుకునేలోపు క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి రావచ్చు. "అడ్డమైనవన్నీ దించుకుంటే ఇలాగే ఏడుస్తుంది" అని విద్యార్థులను తిట్టేదాన్ని. తిట్టడానికి కారణం కళ్లెదుటే ఉండేది. బ్రౌజర్‌లో అడ్రసు రాసే పెట్టె కింద కొత్త కొత్త పట్టీలు పుట్టుకొచ్చాయి. వాటిని బార్‌లు అనేవాళ్లం. ఒకటి మౌస్ బాణాన్ని సీతాకోకచిలుకను చేసేది. ఇంకొకటి వెతుక్కోవడానికి సాయం చేస్తాననేది. మూడోది డిక్షనరీ, పేజీలో ఏ ఇంగ్లీషు మాట మీద నొక్కినా తేలిక మాటల్లో అర్థం చూపించేది.

ఆ మూడోది నేను పెట్టిందే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు పనికొస్తుందని ఎనిమిదింటిలోనూ నా చేత్తో ఎక్కించాను. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి ఒకాయన ఉండేవాడు. ముప్పై దాటినవాడు, అడిక్‌మెట్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. రోజూ నేను తాళం తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉండేవాడు. ఆ డిక్షనరీ వాడకం ఆయనకు పక్కన కూర్చుని నేర్పించాను. నేర్పినందుకు వారం రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

చివరికి మా హెడ్డు గారు పిలిచారు. "ఊరికే అందరినీ తిట్టకమ్మా. ఎవరివల్ల, దేనివల్ల నెమ్మదిస్తోందో ఆధారం చూపించు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. ల్యాబ్ నుంచి బయటికి పోయే ప్రతిదీ మూలనున్న ఒక సర్వర్ గుండా పోయేది. తేదీతో సహా టైము, కంప్యూటర్ నంబరు, తెరిచిన అడ్రసు, ఈ మూడూ అది ఒక చిట్టాలో రాసుకునేది. అప్పటిదాకా నేను దాని ముఖం చూడలేదు. తెరిస్తే ఒక్కో పేజీకి రెండు వరుసలు కనిపించాయి. మొదటి వరుస మనిషి తెరిచిన పేజీ. ఆ వెంటనే రెండోది, మేమెవరం పేరైనా వినని ఏదో కంపెనీకి. ఆ రెండో అడ్రసు తోకలో మొదటి పేజీ అడ్రసు మొత్తం ఉంది. వెతికే సైట్లలో మనం టైప్ చేసే మాటలు అడ్రసులోకే చేరతాయి కాబట్టి ఆ మాటలు కూడా పోతున్నాయి.

ఒక కంప్యూటర్‌లో బార్‌లు ఒక్కొక్కటే తీసి చూశాను. సీతాకోకచిలుకను తీశాను, రెండో వరుస పోలేదు. వెతుకులాట బార్ తీశాను, పోలేదు. డిక్షనరీ తీశాను. వరుస ఒక్కటే మిగిలింది, పేజీ చటుక్కున తెరుచుకుంది.

ఎక్కించేటప్పుడు చదవకుండా 'సరే' నొక్కిన ఒప్పందాన్ని అప్పుడు చదివాను. మీరు చూసే పేజీల అడ్రసులు మాకు అందుతాయని కింద ఎక్కడో రాసే ఉంది. బ్రౌజర్ లోపలే కూర్చునేది కాబట్టి అడ్రసులేం ఖర్మ, పేజీలో ఉన్నదంతా చదవగలదు. అంత తాళంచెవి ఇచ్చింది నేనే. ఎనిమిదింటిలోనూ మూడు బార్‌లూ పీకేశాను. డిక్షనరీ మొండిది. కంట్రోల్ ప్యానెల్‌లో తీసేసినా, కంప్యూటర్ మళ్లీ వెలిగించగానే తిరిగొచ్చింది. విండోస్ లోతుల్లో దాని పేరు వెతికి చెరిపితే గానీ వదల్లేదు.

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "గుర్తు తెలియని వ్యక్తులు ఎక్కించిన బార్‌లు మీరు చూసే ప్రతి పేజీనీ బయటికి పంపుతున్నాయి. ఇదిగో రుజువు." గుర్తు తెలియని వ్యక్తులు అని రాసింది, డిక్షనరీ ఎక్కించిన నేనే. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చస్తాను. కింద ఆ చిట్టాలోంచి ఒక పేజీ ప్రింటు తీసి గుచ్చాను. కంప్యూటర్ నంబర్లను నల్ల సిరాతో కొట్టేశాను. అదే చాలా జాగ్రత్త అనుకున్నాను. తేదీ, టైములు మాత్రం అలాగే ఉంచాను.

ఆ పేజీ పొద్దున తొమ్మిదింటిది. నేను ఎంచుకున్నది కూడా కాదు, చిట్టాలో మొదట దొరికింది గుచ్చాను. మూడో రోజు గుమ్మం దగ్గర ఇద్దరు విద్యార్థులు కనిపించారు. ఒకడి వేలు బోర్డు మీది కాగితంపై ఉంది, రెండోవాడి వేలు రిజిస్టర్‌పై.

"తొమ్మిదీ పన్నెండు నిమిషాలకు ఒక్కడే ఉన్నడు, చూడు" అన్నాడు రెండోవాడు.

నేను వెళ్లి కాగితం పూర్తిగా చదివాను, మొదటిసారి. రిజిస్టర్‌లో ఆ టైముకు ఉన్న ఒక్క పేరు నల్లగొండ ఆయనది. స్పర్శ లేని మచ్చ కుష్ఠేనా అని వెతికాడు. కుష్ఠు గదిలో ఉన్నవాళ్లకు అంటుతుందా అని వెతికాడు. అదే ప్రశ్న మాటలు మార్చి నాలుగుసార్లు. కాగితం చింపేశాను. అప్పటికి అందరూ చదివేశారు. గదిలోవాళ్లు ఆయన పరుపు చుట్టి వరండాలో పెట్టారని సాయంత్రానికి తెలిసింది.

ఆయన ల్యాబ్‌కు రావడం మానేశాడు. నేను వెతికి వెళ్లలేదు. రేపు వెళ్దాం అనుకుంటూ దాదాపు నెల గడిపాను. పిరికితనానికి అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

ఒక ఆదివారం తార్నాకలో, మా వీధి చివరి టిఫిన్ సెంటర్‌లో కనిపించాడు. సంచిలోంచి సొంత స్టీలు గ్లాసు తీసి టీ పోయించుకుంటున్నాడు. తప్పించుకోవడానికి దారి లేక దగ్గరికి వెళ్లాను.

"ఎక్కడ ఉంటున్నారు?" అన్నాను.

"వారాసిగూడల, మామ ఇంట్ల. మెట్ల కింద అర్ర ఇచ్చిండు. దవాఖానల మందు షురూ చేసిన్రు మేడం. తగ్గుతదట."

"నా వల్లే ఇదంతా. ఆ కాగితం..." అన్నాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మందు వేసుకునుడు మొదలుపెట్టినంక ఎవ్వరికీ అంటదట. అది ఆ పొద్దే చదివిన, మీ ల్యాబ్‌ల. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు. మీరు పెట్టిన డిక్షనరీ లేకుంటే సమజ్ కాకపోతుండె."

మీరు పెట్టిన డిక్షనరీ. నా ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. బోర్డు మీద నేనేం రాశానో ఆయన చదివాడు. గుర్తు తెలియని వ్యక్తులన్నది అబద్ధమని డిపార్ట్‌మెంటు మొత్తంలో తెలిసింది ఆయనకొక్కడికే. ఎవరికీ చెప్పలేదు.

"నేనేం అడిగిన్నో అందరూ చదివిన్రు మేడం. నాకు దొరికిన జవాబు మాత్రం ఆ కాగితంల లేకపాయె" అన్నాడు.

టీ తాగి, గ్లాసు తనే కుళాయి దగ్గర కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఇప్పుడు నెట్ జల్దీ వస్తున్నదా?"

వస్తోందన్నాను.