క్రేన్ మెట్లు, మోకాలి చిప్ప

భిలాయిలో క్రేన్ నడిపే రోజుల్లో, నలభై దాటాక, మెట్లెక్కుతుంటే మోకాలి ముందువైపు పొడిచినట్టు నొప్పి మొదలైంది. మా షిఫ్టులో శ్రీకాకుళం సర్వజ్ఞుడొకడు ఉండేవాడు. కాలు చూడకుండానే తేల్చేశాడు. "గుజ్జు అరిగిపోనాది బావా. కాలు కదిపితే మిగిలిందీ పోద్ది."

ఆ మాట నమ్మిన నేను వాడికంటే పెద్ద వెధవని. నెల్లాళ్లు సెలవు పెట్టి మంచమెక్కాను. తొడ కండ సన్నబడింది, నొప్పి పెరిగింది.

చివరికి ఆస్పత్రికి వెళితే డాక్టరు మోకాలి చిప్పని నొక్కి చూశాడు. కెవ్వుమన్నాను. తర్వాత ఎక్స్‌రే చూశాడు.

"గుజ్జు బాగా అరిగితే ఎముకల మధ్య సందు తగ్గుతుంది. నీకు తగ్గలేదు. నొప్పంతా చిప్ప దగ్గరే. మోకాళ్లు మడిచి చాలాసేపు కూర్చుని లేచినా వస్తుంది కదా?"

క్రేన్ గదిలో నేను చేసేది అదే.

రోజూ పడుకుని, కాలు చాపి, జానెడెత్తు లేపి, ఐదు లెక్కపెట్టి దించమన్నాడు. నొప్పెడితే తగ్గించమన్నాడు. మూడు నెలలకి కమ్మీ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కగలిగాను.

"నాను సెప్పిన రెస్టు పనిసేసినాది, సూసావా?" అని కిందనుంచి అరిచాడు సర్వజ్ఞుడు, పదిమంది వింటుండగా.

వాడికి జవాబు చెప్పడానికి మెట్లు దిగడం దండగనిపించింది.