తడి షామియానాలు, నాలుగు దీపాలు

మా టెంట్ హౌసుకు రెండు బిల్డింగులు. కరీంనగర్ మెయిన్ రోడ్డు మీద షాపు, అక్కడికి కిలోమీటరు దూరంలో చొప్పదండి పోయే దారిలో గోడౌను. "మా" అంటున్నాను గానీ టెంట్ హౌస్ సేటుది. షాపులో కూర్చుని పెళ్లిళ్లకూ చావు దినాలకూ బుకింగులు రాసుకునేది ఆయన. గోడౌనులో కంప్యూటర్ చూసి, ఏ బండిలో ఏ షామియానా ఎక్కాలో, ఎన్ని కుర్చీలు, ఎన్ని గుండిగలు పోవాలో ఎక్కించేది నేను.

పదిహేనేళ్లు గిన్నెలు లెక్కపెట్టాక దొరికిన కుర్చీ అది. పదో తరగతి తప్పినదాన్ని, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మౌసు పట్టడం నేర్చుకున్నాను. ఆ కుర్చీ అంటే నాకు గర్వమే, దాచుకోను. దాని మీద దుమ్ము పడితే నా కొంగుతోనే తుడుస్తాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

షాపుకూ గోడౌనుకూ మధ్య వైరు లేదు. రెండు డాబాల మీద రెండు చిన్న డిష్‌లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. సేటు అక్కడ రాసింది గాలిలో వచ్చి ఇక్కడ నా తెర మీద పడుతుంది. వాటిని పెట్టిన నెట్ ఆయన ఆ రోజున డిష్ వెనక నాలుగు చిన్న దీపాలు చూపించి, "నాలుగు వెలిగితె ఫికర్ లేదక్కా" అన్నాడు. రెండేళ్లు నిజంగానే ఫికర్ లేకపోయింది.

మాఘంలో మొదలైంది రోగం. పొద్దున లిస్టు తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉండేది. గోడౌను కెమెరాలు సేటు తెర మీద బిగుసుకుపోయేవి. నెట్ ఆయనకు ఫోన్ చేస్తే ఊళ్లన్నీ తిరిగి మూడు గంటలకు వచ్చేవాడు. అప్పటికి అంతా సాఫీగా నడుస్తూ ఉండేది. స్పీడు చూసి, "మంచిగనే ఉంది గదక్కా, నువ్వేమన్న ఒత్తినవా?" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. రెండేళ్లు ఒత్తని మీట ఇప్పుడెందుకు ఒత్తుతాను?

ఆ మాఘంలోనే ఒకరోజు రెండు బండ్లు పోవాలి. ఒకటి పెళ్లింటికి, ఒకటి దినాల ఇంటికి. పెళ్లింటికి ఎర్ర షామియానా, దినాల ఇంటికి తెల్లది. పెళ్లింటి సామాను ఎక్కువైందని సేటు పొద్దున్నే లిస్టులో బండ్లు మార్చాడు. పెద్ద బండి పెళ్లింటికి, చిన్నది దినాలకు. ఆ మార్పు నా తెర మీదికి రాలేదు. ముహూర్తం రోజుల్లో సేటు ఫోను దొరకదు, లిస్టులో ఉన్నదే మాట అని ఆయనే పెట్టిన పద్ధతి. ఉన్న లిస్టు ప్రకారం ఎక్కించి పంపాను. డ్రైవర్లకు షాపు నుంచి కొత్త లిస్టు ప్రకారం ఊళ్లు చెప్పారు. తెల్ల షామియానా పెళ్లింటి ముందు దిగింది.

పెళ్లికూతురు తండ్రి షాపుకొచ్చి ఏమన్నాడో ఇక్కడ రాయలేను. సాయంత్రం సేటు గోడౌనుకు వచ్చాడు. పనివాళ్లందరూ అక్కడే ఉన్నారు. లింకు సతాయిస్తోందని చెప్పబోయాను.

"ఆడరాక మద్దెలోడు అన్నట్టున్నది నీ ముచ్చట" అన్నాడు. "లిస్టు సూసుడు రాదు, లింకు మీద నెపం వెడుతున్నవ్. ఇంకోపారి గిట్లయితె కంప్యూటర్ షాపుకే తెచ్చుకుంట. నువ్వు మల్ల గిన్నెలకాడ కూసో."

ఆ మాట అన్నప్పుడు నన్ను కన్న మా బాపు అక్కడే మోకులు చుడుతున్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ టెంట్ హౌసులో షామియానాలు కట్టే మేస్త్రీ. గాలిదుమారం లేచిన రోజున ఊళ్లో ఎన్నో టెంట్లు కూలాయి గానీ బాపు కట్టింది ఒక్కటి కూలలేదు. తలెత్తకుండా మోకు చుడుతూనే ఉన్నాడు. గిన్నెల దగ్గర కూర్చోవడం నాకు నామోషీ కాదు, పదిహేనేళ్లు కూర్చున్నదాన్నే. చేతకానిదాన్నని పంపడం ఉంది చూశారూ, అది మింగుడు పడలేదు.

ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేశాను. తెల్లారి గోడౌనులో గోడకున్న క్యాలెండర్ దగ్గర నిలబడ్డాను. లింకు సతాయించిన ప్రతి రోజూ దాని మీద పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను. ముహూర్తాలకు సేటు ముందే ఎర్ర గీతలు పెట్టి ఉన్నాడు. చూస్తే నా సున్నాలన్నీ ఎర్ర గీతల మరుసటి రోజునే ఉన్నాయి. వరసగా ముహూర్తాలున్న వారంలో సున్నాలూ వరసగానే ఉన్నాయి. తెల్ల షామియానా పోయిన రోజుకు ముందు రోజు కూడా ముహూర్తమే.

ముహూర్తం మరుసటి పొద్దున గోడౌనులో జరిగేది ఒక్కటే. కూర మరకలు పడ్డ షామియానాలు ఉతికి డాబా మీద ఆరేస్తారు. మధ్యాహ్నానికి ఆరిపోతాయి.

డాబా ఎక్కాను. ఆ రోజూ ఉతుకు రోజే. డిష్ వెనక రెండే దీపాలు వెలుగుతున్నాయి. తడి గుడ్డ డిష్‌కు అడ్డం వచ్చిందేమో అనుకున్నాను. కాదు, ముందంతా ఖాళీయే. షాపు డాబా కళ్లకు కనిపిస్తోంది. గుడ్డలన్నీ వెనక వైపున ఉన్నాయి. ఆ గుడ్డల మోకు వెంట చూపు నడిపిస్తే, దాని కొస డిష్ నిలబెట్టిన ఇనుప పైపుకు కట్టి ఉంది. మూడు షామియానాలు నీళ్లు కారుతూ మోకు మీద వేలాడుతున్నాయి. పైపు వెనక్కి వంగింది. షాపును చూడాల్సిన డిష్ మొఖమెత్తి ఆకాశాన్ని చూస్తోంది.

ఒక షామియానా కిందికి దూరి భుజంతో మోకును పైకి లేపాను. మూడో దీపం వెలిగింది. ఇంకా లేపాను. నాలుగోది వెలిగింది. వదిలాను. మళ్లీ రెండే. తలంతా తడిసి నీళ్లు కారుతున్నా, పిచ్చిదానిలా నాలుగైదుసార్లు లేపి దించి చూశాను. తప్పు లింకుదేనని, నాది కాదని దీపాలే చెప్తున్నాయి.

అప్పుడు ముడి చూశాను. రెండు చుట్లు, ఒక మడత, కొస లోపలికి. ఆ ముడి కరీంనగర్ మొత్తంలో ఒక్కరే వేస్తారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, నేను పట్టాను. పట్టి, అక్కడే పిట్టగోడ మీద కూలబడ్డాను.

ఎవరికీ చెప్పకుండా మోకు విప్పి ఇంకోచోట కట్టేస్తే లింకు బాగైపోతుంది. కానీ తెల్ల షామియానా నా నెత్తినే ఉండిపోతుంది. చెబితే ఆ మచ్చ బాపు మీద పడుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన కట్టుకు వంక పెట్టినవాడు లేడు, మొదట పెట్టేది నేనా? చాలాసేపు ఆలోచించాను. చివరికి కిందికి పోయి బాపును పిలుచుకొచ్చాను.

"బాపూ, గీ మోకు గీ పైపుకు ఎవలు కట్టిండ్రు?"

"నేనే. గోడకున్న కొక్కెం తుప్పువట్టి ఊడింది గద, మాఘం పడంగనే. ఏమైంది బిడ్డా?"

దీపాలు చూస్తూ ఉండమని, షామియానా కిందికి దూరి మోకు లేపాను. దించాను. మళ్లీ లేపాను. బాపు దీపాలు చూశాడు, పైపు చూశాడు, తర్వాత తడిసిపోయిన నన్ను చూశాడు. ముడి విప్పాడు. పైపు లేచి నిలబడింది.

"చెప్పుడు ఒద్దులే బాపూ" అన్నాను.

"సైకిల్ తియ్యి" అన్నాడు.

షాపులో సేటు ముందు ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు. బాపు వాళ్ల ముందే చెప్పాడు. "సేటూ, లింకు సతాయించింది నా మోకుతోని. తడి షామియానాల బరువుకు పైపు ఎన్కకు ఒరిగింది. పరదాలు ఎండితె మల్ల లేస్తది. గందుకే నెట్ ఆయనకు దొరకలే."

సేటు నమ్మలేనట్టు చూశాడు. "కాకా, నువ్వు గట్టిన ముడి ఎన్నడన్న జారిందా?"

"ఇప్పుడు గూడ జారలే. పైపే వంగింది."

అంత చిక్కులోనూ ఆ మాట మాత్రం వదల్లేదు మా బాపు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"తప్పు నాది. కొక్కెం ఊడినంక నీకు చెప్పాలె, చెప్పలే" అన్నాడు బాపు. "నన్ను ఏమన్న అను. గని నా బిడ్డె మీద అందరి ముందల ఒక మాట వడ్డది. గా మాట వాపస్ తీస్కో."

సేటు పెన్ను కింద పెట్టాడు. గిరాకీలు మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నారు. "తీస్కుంటున్న కాకా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "తీస్కున్న చెల్లే" అన్నాడు. సాయంత్రం గోడౌనుకు వచ్చి పనివాళ్ల ముందు కూడా అదే చెప్పాడు. ఆ ధర్మం ఆయనకుంది, కాదనను.

మరునాడు నెట్ ఆయన మొదటిసారి పొద్దున్నే వచ్చాడు. జరిగింది విని తల గోక్కున్నాడు. "ఈడ వేలెడు వంగినా ఆడ సిగ్నల్ షాపు బిల్డింగు మీదికెల్లి దాటిపోతదక్కా" అన్నాడు. ఇన్నాళ్లూ గాలికి కదిలి కదిలి డిష్ బిగింపు కూడా కొంచెం పక్కకు జరిగిందట. పైపు లావుది కావాలి, కొత్తది తేవాలన్నాడు.

"ఆగు" అన్నాడు బాపు. "ఒక్క దిక్కు గుంజితె గుంజ ఒంగుతది. మూడు దిక్కుల గుంజితె నిలవడతది. టెంటు గుంజకు చేసేదే గద."

మోకు తడిస్తే బిగుస్తుంది, ఎండితే సాగుతుంది, తీగ అయితే ఒక్క తీరుగా ఉంటుందని తనే చెప్పి, ఇనుప తీగతో పైపును మూడు వైపులా పిట్టగోడకు గుంజి కట్టాడు. నెట్ ఆయన చేత్తో ఊపి చూశాడు, కదల్లేదు. తర్వాత డిష్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ పోయాడు. ఫోన్లో సిగ్నల్ అంకె చదివే పని నాది. ముందు మైనస్ గుర్తు ఉంటుంది, దాని పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిదట. అరవై ఎనిమిది, అరవై ఒకటి, యాభై ఐదు అని చదువుకుంటూ పోయాను. యాభై రెండు దగ్గర బిగించాడు. కొత్తగా పెట్టిన రోజున యాభై ఆరే వచ్చిందని ఆయన పుస్తకంలో రాసి ఉంది. "పెద్దాయనా, నువ్వు మాతోని పని చేయనీకి రావొచ్చు గద" అన్నాడు బాపుతో. బాపు అప్పటికే గోడకు కొత్త కొక్కెం దిగ్గొడుతున్నాడు.

నాలుగు రోజులకు మళ్లీ వరస ముహూర్తాలు వచ్చాయి. రెండో రోజు పొద్దున డాబా మీద ఐదు తడి షామియానాలు. కింద రెండు బండ్లు నిలబడి ఉన్నాయి, ఒకటి పెళ్లింటికి, ఒకటి దినాల ఇంటికి. పైనుంచి బాపు గొంతు వినిపించింది.

"బిడ్డా, నాలుగున్నయి."

తెర చూశాను. సేటు అప్పుడే బండ్లు మార్చాడు. మార్పు నా కళ్ల ముందే వచ్చి పడింది. కుర్చీలోంచి లేచి, పెద్ద బండి ఎక్కిన తెల్ల షామియానాను దింపించి చిన్న బండిలో, చిన్న బండిలోని ఎర్రదాన్ని పెద్ద బండిలో వేయించాను.