కుడి నుంచి వచ్చిన బాణాలు

కరీంనగర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరిన కొత్తలో నాకు, రసాయన చర్య ఎలా నడుస్తుందో చూపించే వంపు బాణాల పిచ్చి ఉండేది. ఎలక్ట్రాన్ల జంట ఎక్కడుందో అక్కడ బాణం తోక, ఎక్కడికి పోతుందో అక్కడ మొన. ఇంతే కదా, పిల్లలకు ఎందుకు ఎక్కదని ఒకటే చిరాకు పడేవాణ్ణి.

ఆ ఏడు సెలెక్షన్ టెస్టు పేపర్లు నేనూ మా పెద్ద సారూ కలిసి దిద్దాం. అందులో తప్పినవాణ్ణి ఏడాది చివరి పెద్ద పరీక్షకు పంపరు. మందమర్రి బొగ్గుగని కార్మికుడి కొడుకు పేపరు చూసి సారు సున్నా చుట్టి నా ముందు పడేశాడు.

"బ్రోమైడ్ నుంచి ఆల్కహాల్ ఎట్లయితదో రాయమంటే, ఆల్కహాల్‌తోని షురూ చేసిండు. నీళ్లు విడిపోవాల్సిన కాడ వచ్చి అతుక్కుంటున్నయి. బాణాలన్నీ ఉల్టా."

నిజమే, అలాగే ఉంది. నాలుగు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి, ఏది ముందో ఏది వెనకో చెప్పే గీత లేదు, అంకె లేదు. కానీ ఒక్కొక్క బొమ్మను విడిగా చూస్తే బాణం సరిగ్గానే ఉంది! నాకు మతి పోయింది. అన్నీ తెలిసినవాడు వరస ఎలా తప్పుతాడు? సారును బతిమాలి పిల్లవాణ్ణి పిలిపించాను.

వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. "సార్, గీసారి పంపకుంటే బాపు గనిల పెడ్తడు," అన్నాడు.

"ముందు బోర్డు మీద వెయ్యి," అన్నాను.

సుద్దముక్క తీసుకుని నేరుగా బోర్డు కుడి చివరికి నడిచాడు. అక్కడ బ్రోమైడ్ గీశాడు, బంధం నుంచి బ్రోమిన్ మీదికి బాణం. దానికి ఎడమన ప్లస్ గుర్తుతో కార్బన్, నీటి ఆక్సిజన్ నుంచి దాని మీదికి బాణం. ఇంకా ఎడమన ప్లస్ ఆక్సిజన్ మీదికి మారింది, హైడ్రోజన్ బంధం నుంచి ఆక్సిజన్‌కు బాణం. చిట్టచివర, ఎడమన, ఆల్కహాల్. ఒక్క బాణం కూడా తిరగబడలేదు! అప్పుడు వెలిగింది నాకు: ఉర్దూ బడిలో చదివినవాడు, ఆ రాత అలవాటున చెయ్యి కుడి నుంచే మొదలైంది. సంతోషం పట్టలేక బల్ల చరిచాను.

సారు మాత్రం కదల్లేదు. "పోయిన బ్రోమిన్ మీద మైనస్ ఏది?"

పిల్లవాడు ఉలిక్కిపడి పెట్టాడు. పేపరులో కూడా లేదది. సారు దానికి ఒక్క మార్కు కోసి, సున్నా కొట్టేసి, మిగతా మార్కులన్నీ వేశాడు. కుర్రాడు గట్టెక్కాడు.

"నేను గూడ ఉర్దూల సదివినోణ్ణే. నాకు తట్టకపాయె," అన్నాడు సారు, నాతో కాదు, పేపరుతో అన్నట్టు. తర్వాత పిల్లవాడి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, తనే బోర్డు ఎడమ చివరికి వెళ్లి మళ్లీ బ్రోమైడ్ గీశాడు.

"ఇగ ఇక్కడికెళ్లి రాయి బిడ్డా. పెద్ద పరీక్ష పేపరు దిద్దేటోడు నిన్ను బోర్డు కాడికి పిలువడు."